మత్తు లేని మాత్ర

"నాలుగు రోజుల నుంచి వేసుకుంటున్నాను డాక్టరుగారూ, అసలు మాత్ర వేసుకున్నట్టే లేదు."

ఆందోళనకు బస్పిరోన్ రాసిచ్చే మానసిక వైద్యులకు ఈ మాట బాగా అలవాటు. చెప్పేది ఎక్కువగా అంతకుముందు అల్ప్రాజోలమో, డయజిపామో, క్లోనజిపామో వాడినవాళ్లు. ఆ మాత్రల సంగతి వేరు. మింగిన అరగంట, గంటలో భుజాలు వదులవుతాయి, గుండె దడ తగ్గుతుంది, కళ్లు బరువెక్కుతాయి. మందు పనిచేస్తున్నట్టు ఒంటికే తెలిసిపోతుంది. బస్పిరోన్ వేసుకుంటే అలాంటిదేమీ తెలియదు. మహా అయితే కాసేపు తల తేలికగా తిరిగినట్టుంటుంది. దాంతో వారం గడవకముందే చాలామంది దాన్ని పక్కన పెట్టేసి, పాత చీటీ పట్టుకుని మందుల షాపుకు వెళతారు. పనిచేసే మందును అది పని మొదలుపెట్టకముందే మానేస్తున్నారన్నమాట.

ఈ రెండు మందుల మధ్య తేడా బలంలో లేదు. అవి మెదడులో వేర్వేరు తలుపులు తడతాయి.

బెంజోడయజిపీన్ల కథ ముందు మొదలైంది. న్యూజెర్సీలోని హాఫ్‌మన్-లారోష్ కంపెనీలో లియో స్టెర్న్‌బాక్ అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేసి పక్కన పడేసిన ఒక పొడి, 1957లో ప్రయోగశాల సర్దుతుంటే మళ్లీ కంటబడింది. పరీక్షించి చూస్తే జంతువులను ప్రశాంతపరిచే గుణం అందులో కనిపించింది. అదే 1960లో లిబ్రియం పేరుతో బజారులోకి వచ్చింది. 1963లో దాని తమ్ముడు వేలియం, అంటే డయజిపామ్, వచ్చింది. తర్వాత రెండు దశాబ్దాలు అమెరికాలో అంతకన్నా ఎక్కువగా రాసిన మందు దాదాపు లేదు. 1970ల చివరికి వచ్చేసరికి దాన్ని మానలేక అవస్థపడేవాళ్ల సంగతి కూడా వైద్యులకు తెలియవచ్చింది.

బస్పిరోన్‌ను 1968లో అమెరికాలోనే మీడ్ జాన్సన్ కంపెనీ శాస్త్రవేత్తలు తయారుచేశారు. వాళ్లు వెతుకుతున్నది ఆందోళన మందు కాదు. స్కిజోఫ్రీనియా లాంటి తీవ్రమైన మానసిక జబ్బులకు కొత్త మందు కావాలనుకున్నారు. ఆ జబ్బులకు ఇది అక్కరకు రాలేదు. కానీ మీదపడి కరిచే కోతులకు ఇస్తే అవి మగతలో పడకుండానే సాధువులయ్యాయి. ఆందోళన ఉన్న రోగులకు ఇస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన అక్కడి నుంచి వచ్చింది. 1979లో గోల్డ్‌బర్గ్, ఫిన్నర్టీ అనే ఇద్దరు వైద్యులు డయజిపామ్ పక్కన దీన్ని నిలబెట్టి పోల్చారు. 1986లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది.

నిద్ర ఎందుకు పట్టదో తెలియాలంటే ముందు నిద్ర పట్టించే మందు ఏం చేస్తుందో చూడాలి. మెదడులో కణాలను నెమ్మదింపజేసే ప్రధాన రసాయనం గాబా. అది కణం గోడలో ఉండే ఒక చిన్న ద్వారానికి అంటుకోగానే ఆ ద్వారం తెరుచుకుని క్లోరైడ్ లోపలికి వస్తుంది, కణం చల్లబడుతుంది. బెంజోడయజిపీన్ అదే ద్వారానికి మరో పక్కన అతుక్కుంటుంది. తాను సొంతంగా తలుపు తెరవదు. గాబా వచ్చినప్పుడు ఆ తలుపు మామూలు కన్నా ఎక్కువసార్లు తెరుచుకునేలా చేస్తుంది. ఇక్కడ మధ్యలో జరగాల్సిన తతంగం ఏమీ లేదు కాబట్టే ఫలితం నిమిషాల మీద కనిపిస్తుంది.

చిక్కేమిటంటే ఈ గాబా ద్వారాలు మెదడులో భయానికి సంబంధించిన చోట మాత్రమే లేవు. ఆలోచించే పైపొరలో ఉన్నాయి, జ్ఞాపకాలు పేర్చే హిప్పోకాంపస్‌లో ఉన్నాయి, నడకను, చేతి అదుపును చూసుకునే చిన్నమెదడులో కూడా ఉన్నాయి. మాత్ర రక్తంలో కలిసి అన్ని చోట్లకూ వెళుతుంది. అందుకే భయంతో పాటు మెలకువ, చురుకుదనం, నిన్నటి మాట గుర్తుండడం కూడా కొంత తగ్గుతాయి. పెద్దవయసువాళ్లు రాత్రి బాత్‌రూంకు లేచి తూలి పడేది ఇందువల్లే.

ఊరట, మత్తు రెండూ ఒకటే అనిపించినా అవి రెండు వేర్వేరు పనులని 1999లో జ్యూరిక్‌లో ఉవే రుడాల్ఫ్, హాన్స్ మోలర్ బృందం చేసిన ఒక ప్రయోగం చూపించింది. గాబా ద్వారాల్లో కొన్ని రకాలున్నాయి. వాటిలో ఆల్ఫా-1 అనే ముక్క ఉన్న రకానికి డయజిపామ్ అతుక్కోకుండా ఎలుకల జన్యువులో ఒక్క అక్షరమంత మార్పు చేశారు. ఆ ఎలుకలకు డయజిపామ్ ఇస్తే భయం తగ్గింది, మత్తు మాత్రం రాలేదు. అంటే మత్తు ఒక రకం ద్వారం నుంచి, భయం తగ్గడం మరో రకం నుంచి వస్తున్నాయి. మామూలు మాత్ర రెండింటినీ కలిపి తడుతుంది కాబట్టి మనిషికి రెండూ ఒక్కసారే తెలుస్తాయి. కళ్లు బరువెక్కడమే మందు పనిచేస్తోందనడానికి గుర్తని రోగి నమ్మడంలో ఆశ్చర్యం లేదు.

బస్పిరోన్ ఈ గాబా ద్వారాల జోలికే వెళ్లదు. అలెర్జీ మాత్రల్లా మగత కలిగించే హిస్టమిన్ దారిలోనూ పోదు. అది పట్టుకునేది సెరటోనిన్ అనే మరో రసాయనానికి చెందిన 5-హెచ్‌టీ-1ఏ అనే గ్రాహకాన్ని. అందువల్ల కండరాలు వదులు కావు, మందు తాగినప్పుడు దాని మత్తును ఇది రెట్టింపు చేయదు, ఫిట్స్‌ను ఆపదు, నిద్ర తెప్పించదు. మందు పొట్లంలో ఉండే సమాచార పత్రంలోని లెక్క చూస్తే ఇది తేటగా తెలుస్తుంది. పరీక్షల్లో బస్పిరోన్ వేసుకున్నవాళ్లలో 100కు 10 మంది మగతగా ఉందన్నారు. ఏ మందూ లేని ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 9 మంది అదే మాట అన్నారు. తేడా లేనట్టే. తల తిరగడం మాత్రం నిజం. బస్పిరోన్‌తో 12 మందికి, ఉత్తి మాత్రతో 3 మందికి తల తిరిగింది. కొందరికి వికారం, తలనొప్పి, మొదట్లో ఒక రకమైన చికాకు కూడా కలుగుతాయి. 1982లో మోస్కోవిట్జ్, స్మైలీ కారు నడపడానికి కావలసిన నైపుణ్యాల మీద రెండింటినీ పోల్చినప్పుడు డయజిపామ్ వాడినవాళ్ల చేయి తడబడింది, బస్పిరోన్ వాడినవాళ్లది తడబడలేదు.

ఇక వారాల సంగతి. ఇక్కడ ఒక వింత ఉంది. బస్పిరోన్ మాత్ర మింగిన 40 నిమిషాల నుంచి గంటన్నర లోపే రక్తంలో దాని మోతాదు శిఖరానికి చేరుతుంది. రెండు మూడు గంటల్లో సగానికి పడిపోతుంది. అందుకే రోజుకు రెండు మూడు పూటలు వేసుకోవాలి. పొద్దున వేసుకున్న మాత్ర చీకటిపడేసరికి ఒంట్లో దాదాపు ఉండదు. మరి ఇంత వేగంగా వచ్చి పోయే మందు పని చూపడానికి రెండు నుంచి నాలుగు వారాలు ఎందుకు?

ఆలస్యం మందుది కాదు, మెదడుది. సెరటోనిన్ పుట్టే కణాలు మెదడు కాండం మధ్యలో, రాఫే అనే చోట, గుంపుగా ఉంటాయి. అక్కడి నుంచి వాటి తీగలు మెదడంతా పాకుతాయి. ఈ కణాలకు తమ ఉత్పత్తిని తామే కొలుచుకునే ఏర్పాటు ఉంది. ఇంటి మీది నీళ్ల ట్యాంకులో ఫ్లోటు ఉంటుంది కదా, నీళ్లు నిండగానే అది పైకి లేచి మోటారు ఆగిపోతుంది. రాఫే కణాల ఒంటి మీద ఉండే 5-హెచ్‌టీ-1ఏ గ్రాహకాలు అలాంటి ఫ్లోట్లు. చుట్టూ సెరటోనిన్ చాలినంత ఉందని వాటికి తెలియగానే కణం కొట్టుకోవడం తగ్గించుకుంటుంది.

బస్పిరోన్ సరాసరి వెళ్లి ఆ ఫ్లోటును పైకెత్తుతుంది. ట్యాంకు నిండకపోయినా మోటారు ఆగుతుంది. అంటే మొదటి రోజుల్లో సెరటోనిన్ పెరగకపోగా తగ్గుతుంది. అదే సమయంలో కాలువ చివర, అంటే హిప్పోకాంపస్ లాంటి చోట్ల ఉన్న 5-హెచ్‌టీ-1ఏ గ్రాహకాలను కూడా బస్పిరోన్ తాకుతుంది గానీ, అక్కడ దాని ప్రభావం సగమే. అసలు సెరటోనిన్ తట్టినంత గట్టిగా అది తట్టలేదు. ఒకపక్క ఉత్పత్తి తగ్గింది, ఇంకోపక్క దొరికింది సగం బలమున్న బదులు. మొదటి వారంలో రోగికి ఏమీ తెలియకపోవడానికి కారణం చాలావరకు ఇదే.

అయితే రోజుకు రెండు మూడుసార్లు, రోజు తర్వాత రోజు ఫ్లోటును అలా ఎత్తుతూ పోతే కణం ఆ సంకేతాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఫ్లోటు వదులైపోయి మోటారు మళ్లీ తిరగడం మొదలవుతుంది. మాంట్రియల్‌లో పియర్ బ్లియే, క్లాడ్ డి మాంటినీ 1987లో ఇదే కుటుంబానికి చెందిన గెపిరోన్‌ను ఎలుకలకు ఎడతెగకుండా ఇచ్చి, రాఫే కణాల కొట్టుకునే వేగాన్ని సన్నని ఎలక్ట్రోడులతో కొలిచారు. రెండో రోజుకు వేగం బాగా పడిపోయింది. ఏడో రోజుకు కొంత కోలుకుంది. పద్నాలుగో రోజుకు మామూలు స్థితికి వచ్చింది. అప్పుడు ఉత్పత్తి పాత స్థాయిలో సాగుతుండగా, కాలువ చివర మందు ఇచ్చే ఊతం దానికి తోడవుతుంది. క్లినిక్‌లో రోగులు "కాస్త నయంగా ఉంది" అనడం మొదలయ్యేది కూడా ఇంచుమించు ఈ సమయానికే. ఈ రెండు కాలాలు కలవడం వల్లే శాస్త్రవేత్తలు ఈ వివరణ వైపు మొగ్గుతున్నారు. భయపు అలవాటు పడిన మెదడు తీగలు తమను తాము మళ్లీ సర్దుకోవడానికి ఆపైన ఇంకొంత కాలం పడుతుంది.

ఇందులోంచే ఇంకో సంగతి తేలుతుంది. అవసరమైనప్పుడు ఒక మాత్ర వేసుకుందాం అనే పద్ధతి బస్పిరోన్‌కు పనికిరాదు. విమానం ఎక్కే ముందు, ఇంటర్వ్యూ ముందు ఒక్కటి వేసుకుంటే ఫ్లోటు ఒకసారి లేచి పడుతుంది, అంతే. పానిక్ అటాక్ వచ్చిన నిమిషంలోనూ అది ఏమీ చేయలేదు. దాని చోటు ఒక్కటే, నెలల తరబడి రోజూ వెంటాడే విడవని ఆందోళన. వైద్యులు జనరలైజ్డ్ యాంగ్జైటీ అనే జబ్బు అది.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. హనుమకొండలో బ్యాంకు ఉద్యోగం చేసే 42 ఏళ్ల ఆవిడ. కూతురు కాలేజీకి చేరిందో లేదో, క్యాష్ లెక్క తప్పిందేమో, తల్లికి బీపీ పెరిగిందేమో అని రోజంతా ఒకటే గాబరా. రెండేళ్లుగా పొద్దున 0.25, రాత్రి 0.5 మిల్లీగ్రాముల అల్ప్రాజోలం వేసుకుంటున్నారు. కౌంటర్‌లో మగతగా ఉంటోందని, మాటలు మరిచిపోతున్నానని మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లారు. ఆందోళన కొలిచే ఏడు ప్రశ్నల పట్టికలో 21కి 16 వచ్చింది. 15 దాటితే తీవ్రం కిందే లెక్క.

డాక్టరు అల్ప్రాజోలం ఆపలేదు. దాన్ని అలాగే ఉంచి బస్పిరోన్ 5 మిల్లీగ్రాములు రెండు పూటలా మొదలుపెట్టారు. కొన్ని రోజులకు ఒకసారి కొద్దికొద్దిగా పెంచుతూ మూడో వారానికి పూటకు 10 చొప్పున మూడు పూటలకు తెచ్చారు. గరిష్ఠ పరిమితి రోజుకు 60. చాలామందికి 20, 30 మధ్య సరిపోతుంది. భోజనంతో వేసుకుంటే ఎప్పుడూ భోజనంతోనే, ఖాళీ కడుపుతో అయితే ఎప్పుడూ అలాగే వేసుకోమన్నారు. దానికి కారణముంది. మింగిన బస్పిరోన్‌లో అధిక భాగాన్ని కాలేయం దారిలోనే ధ్వంసం చేస్తుంది. నూటికి నాలుగు వంతులే రక్తానికి చేరుతుంది. అంత సన్నని దారి కాబట్టి చిన్న మార్పుకే లెక్క తారుమారవుతుంది. తిండితో వేసుకుంటే చేరే మందు దాదాపు రెండింతలకు దగ్గరగా పెరుగుతుంది. మన పంపరపనసకు దగ్గరి చుట్టమైన గ్రేప్‌ఫ్రూట్ రసం తాగితే ఒక పరీక్షలో తొమ్మిది రెట్లు అయింది. టీబీకి వాడే రిఫాంపిసిన్ వాడుతుంటే దాదాపు పదో వంతుకు పడిపోతుంది. ఇంట్లో టీబీ మందులు వాడుతున్న మనిషికి బస్పిరోన్ ఎంతకీ పనిచేయడం లేదంటే డాక్టరు ముందు అడగాల్సిన ప్రశ్న అది.

మొదటి వారం ఆవిడకు మాత్ర వేసుకున్న గంటకు తల తిరిగేది, పావుగంటలో పోయేది. స్కోరు 16 దగ్గరే ఉంది. రెండో వారం 15. ఇక్కడే చాలామంది ఆపేస్తారు. నాలుగో వారం 11. గాబరా వస్తోంది గానీ పట్టుకుని వేలాడడం లేదు అన్నారావిడ. ఆరో వారం 8.

అప్పుడు అల్ప్రాజోలం తగ్గించడం మొదలైంది. రోజుకు వేసుకునే 0.75లో రెండు వారాలకోసారి 0.125, అంటే 0.25 మాత్రలో సగం చొప్పున, కోస్తూ పోతే పన్నెండు వారాలు. ఇంత నిదానం ఎందుకంటే, రెండేళ్లుగా బయటి సాయంతో చల్లబడటానికి అలవాటు పడిన మెదడు తన గాబా ద్వారాల చురుకును తగ్గించుకుని ఉంటుంది. సాయం ఒక్కసారిగా తీసేస్తే ఆపేవాడు లేని బండిలా అయిపోతుంది. వణుకు, చెమటలు, నిద్రలేమి, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, లేనివి కనిపించడం, ఒక్కోసారి ఫిట్స్, ప్రాణాపాయం కూడా.

ఇది తెలంగాణకు పుస్తకాల్లో చదివిన సంగతి కాదు. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ కల్లు మీద అధికారులు దాడులు పెంచినప్పుడు, కల్లులో కలుపుతున్న అల్ప్రాజోలం, డయజిపామ్ లాంటి మందులు ఒక్కసారిగా అందకుండా పోయాయి. రోజూ ఆ కల్లు తాగేవాళ్లు వందల మంది వణుకుతూ, పిచ్చిగా మాట్లాడుతూ, ఫిట్స్‌తో జిల్లా ఆసుపత్రులకు, హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి చేరారు. కొందరు చనిపోయారు. తాము తాగింది కల్లే అనుకున్నారు వాళ్లు. ఒంటికి అలవాటైంది మాత్ర.

ఇలాంటి స్థితిని బస్పిరోన్ ఆపలేదు. గాబా ద్వారాన్ని అది ముట్టదు కాబట్టి అల్ప్రాజోలం ఖాళీ చేసిన చోటును అది నింపదు. పాత మాత్ర ఇవాళ ఆపి రేపటి నుంచి కొత్తది వేసుకుంటామంటే ప్రమాదాన్ని కొనితెచ్చుకున్నట్టే. బెంజోడయజిపీన్లు వాడినవాళ్లకు బస్పిరోన్ సరిగ్గా పట్టడం లేదని ష్వైజర్, రికెల్స్, లుకీ 1986లోనే గమనించారు. అందులో కొంత ఈ మానివేత బాధే. ఇంకొంత, మత్తు కోసం ఎదురుచూసే అలవాటు.

ఫిలడెల్ఫియాలో కార్ల్ రికెల్స్ బృందం 1988లో ప్రకటించిన అధ్యయనం రెండో వైపు చూపించింది. ఆరు నెలలు కొందరికి క్లోరజిపేట్ అనే బెంజోడయజిపీన్, మరికొందరికి బస్పిరోన్ ఇచ్చి, ఎవరికీ చెప్పకుండా ఒక్కసారిగా ఉత్తి మాత్రలకు మార్చారు. క్లోరజిపేట్ వాళ్లకు మానివేత లక్షణాలు వచ్చాయి. బస్పిరోన్ వాళ్లకు రాలేదు. మెదడును వారాల పాటు నిదానంగా సర్దే మందు, ఆపినప్పుడు కూడా దాన్ని కుదిపేయలేదు.

బ్యాంకు ఉద్యోగినికి తొమ్మిదో వారంలో ఒక చెడ్డ దశ వచ్చింది. రెండో కోత పడిన రెండో రోజు నుంచి నిద్ర సరిగా లేదు, ఫ్యాను చప్పుడు కూడా చెవుల్లో గుచ్చుకుంటోంది, కాళ్ల కండరాలు అదురుతున్నాయి. బస్పిరోన్ వట్టిదే అయిందనుకున్నారు. డాక్టరు రెండు ప్రశ్నలు అడిగారు. ఇది ఎప్పుడు మొదలైంది? ఇంతకుముందెప్పుడైనా చప్పుళ్లు ఇలా గుచ్చుకున్నాయా? కోత పడిన ఒకటి రెండు రోజుల్లో మొదలై, మునుపెన్నడూ లేని లక్షణాలతో వచ్చి, వారం పది రోజుల్లో తగ్గేది మానివేత. పాత ఆందోళన తిరగబెడితే అది పాత రూపంలోనే, కూతురు, క్యాష్, బీపీ అంటూ వస్తుంది. మెల్లగా పెరిగి దానంతట అది పోదు. ఆవిడది మొదటి రకం. డాక్టరు తర్వాతి కోతను రెండు వారాలు వాయిదా వేశారు, బస్పిరోన్ కదపలేదు. పది రోజుల్లో ఫ్యాను చప్పుడు మళ్లీ ఫ్యాను చప్పుడులాగే వినిపించింది.

ఇరవయ్యో వారం చివరికి అల్ప్రాజోలం అయిపోయింది, స్కోరు 6. ఏం తేడా వచ్చిందని అడిగితే ఆవిడకు వెంటనే ఏమీ తోచలేదు. పక్కన కూర్చున్న కూతురే చెప్పింది, అమ్మ మధ్యాహ్నం పూట కాలేజీకి ఫోన్ చేసి నెల దాటిందని.